తెలుగు ఫోన్ కాల్‌ని అక్షరాల్లో చదువుకోవడం ఎలా: రెండు ఫోన్ల పద్ధతి

వినికిడి తక్కువైనవాళ్లు, వాళ్ల పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: “అవతలివాళ్లు ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే ఆ మాటలు అప్పటికప్పుడు స్క్రీన్ మీద పడే యాప్ ఏదైనా ఉందా?” మామూలుగా ఒక్క ఫోన్‌తో అయ్యే పని కాదిది. కానీ ఇంట్లో సొరుగులో పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉంటే అవుతుంది, అదనంగా పైసా ఖర్చు ఉండదు. నాకూ చెవులు సరిగా వినపడవు. హైదరాబాద్‌లో రోజువారీ పనులన్నీ ఫోన్ మీదే నడుస్తాయి కాబట్టి, ల్యాబ్‌కి, గ్యాస్ ఏజెన్సీకి, ట్యాంకర్ అతనికి నేను ఈ పద్ధతిలోనే ఫోన్ చేస్తాను.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. ఫోన్‌లో వినబడే మాటల్ని స్క్రీన్ మీద అక్షరాల్లో చూపే లైవ్ క్యాప్షన్ అనే సదుపాయం చాలా ఫోన్లలో ఉంది. కొన్ని మోడళ్లలో అది కాల్స్‌కి కూడా పనిచేస్తుంది. ఐఫోన్‌లోనూ ఇలాంటిదే ఉంది. దాని భాషల జాబితా తెరిచి చూడండి: ఇంగ్లీషు ఉంటుంది, కొన్నిటిలో హిందీ ఉంటుంది, తెలుగు కనబడదు. మీరు మాట్లాడేది ఇంగ్లీషు కస్టమర్ కేర్‌తోనే అయితే అది చాలు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

తెలుగు రాసిపెట్టేది గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్. 2019లో వచ్చింది, ఉచితం. అయితే అది మైకు ద్వారా విని రాస్తుంది. ఫోన్‌లో కాల్ నడుస్తున్నప్పుడు ఆండ్రాయిడ్ మైకుని కాల్‌కి అప్పగించేస్తుంది, మిగతా మామూలు యాప్‌లకు నిశ్శబ్దమే అందుతుంది. అందుకే అదే ఫోన్‌లో యాప్ తెరిచి కాల్ మాట్లాడితే స్క్రీన్ ఖాళీగా ఉండిపోతుంది. “ఇన్‌స్టాల్ చేశాను, ఏమీ రావట్లేదు” అనేవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. యాప్‌లో లోపం ఏమీ లేదు. దాన్ని ఇంకో ఫోన్‌లో పెట్టుకోవాలి, అంతే.

ఏమేం కావాలి

- కాల్ మాట్లాడే ఫోన్. ఏదైనా సరే, ఐఫోన్ అయినా, బటన్ల ఫోన్ అయినా. స్పీకర్ బాగుంటే చాలు. కింద దీన్ని “కాల్ ఫోన్” అంటాను.
- అక్షరాలు చూపే రెండో ఫోన్ లేదా ట్యాబ్. ఇది ఆండ్రాయిడే కావాలి. సిమ్ అక్కర్లేదు, స్క్రీన్ పగిలినా పర్వాలేదు, మైకు మాత్రం పనిచేయాలి. ఇది “రాత ఫోన్”.
- రాత ఫోన్‌కి ఇంటర్నెట్. ఇంటి వైఫై ఉంటే మంచిది.
- మడతపెట్టిన తువ్వాలు ఒకటి. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- కాగితం, పెన్ను.

1. రాత ఫోన్‌ని సిద్ధం చేయండి

ప్లే స్టోర్‌లో `Live Transcribe & Notification` అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని ఫోన్లలో ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో `Accessibility` కింద చూడండి. తెరవగానే మైకు అనుమతి అడుగుతుంది, ఇవ్వండి.

తర్వాత యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొదటి భాషగా తెలుగు పెట్టండి. రెండో భాష కూడా పెట్టుకునే వీలుంది, మాట్లాడుతుండగా ఒక్క నొక్కుతో ఒకదాని నుంచి ఇంకోదానికి మారొచ్చు. ఇక్కడ హైదరాబాద్ వాళ్లు కొంచెం ఆలోచించాలి. బ్యాంకులకి, ఆఫీసులకి ఎక్కువగా ఫోన్ చేసేవాళ్లయితే రెండో భాష ఇంగ్లీషు, అందులోనూ ఇండియాది, పెట్టుకోండి. ఏసీ మెకానిక్, ఆటో, ఫర్నిచర్ షాపు లాంటి చోట్లకైతే హిందీ పెట్టుకోవడం మేలు. జాబితాలో ఉర్దూ కూడా ఉంది, కానీ అక్షరాలు ఆ లిపిలో వస్తాయి, చదవగలిగితేనే పెట్టుకోండి. ఏది పెట్టినా మన దక్కనీ మాటల దగ్గర అది తడబడుతుంది. “హౌ”, “నక్కో” అన్న రెండు మాటలే అవతలివాళ్ల జవాబంతా అయినప్పుడు స్క్రీన్ మీద వచ్చినదాన్ని నమ్మకండి, మళ్లీ అడగండి.

తెలుగు కాల్‌లో ఇంగ్లీషు మాటలు దొర్లితే భాష మార్చనక్కర్లేదు. “అపాయింట్‌మెంట్”, “రిపోర్ట్”, “పేమెంట్” లాంటివి మామూలుగా తెలుగు సెట్టింగ్‌లోనే వచ్చేస్తాయి. వాక్యానికి వాక్యం ఇంగ్లీషులోకి వెళ్లిపోతేనే మార్చండి.

అదే సెట్టింగ్స్‌లో ఇంకో మూడు పనులు చేయాలి. అక్షరాల సైజు బాగా పెంచండి, చేతి దూరం నుంచి చదవగలగాలి. మాటలు జోడించే చోట, అంటే `Custom words` అన్న దగ్గర, మీ కాలనీ పేరు, డాక్టర్ గారి పేరు, మీరు వాడే మందుల పేర్లు చేర్చండి. దీనికి కాసేపు పడుతుంది, కానీ “బోడుప్పల్” బదులు ఇంకేదో రావడం చాలావరకు తగ్గుతుంది. మూడోది, ఆగిన మాట మళ్లీ మొదలైనప్పుడు ఫోన్ వైబ్రేట్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. కస్టమర్ కేర్ వాళ్లు “లైన్‌లో ఉండండి” అని పాట పెట్టి వెళ్లిపోయినప్పుడు స్క్రీన్‌నే చూస్తూ కూర్చోనక్కర్లేదు. పాటలో గాత్రం ఉంటే మాత్రం అది కూడా అక్షరాలై పడుతుంది, కంగారుపడకండి.

ఇక రాత ఫోన్‌లో బ్లూటూత్ ఆఫ్ చేయండి, బ్యాటరీ సేవర్ తీసేయండి, “డిస్టర్బ్ చేయొద్దు” మోడ్ పెట్టండి. సగంలో వాట్సాప్ నోటిఫికేషన్ వచ్చి సరిగ్గా టైమ్ చెప్పిన వాక్యం మీద పడితే చాలా చిరాకుగా ఉంటుంది.

2. కాల్ ఫోన్ దగ్గర చూసుకోవాల్సింది

వినికిడి యంత్రం వాడేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఇప్పటి యంత్రాలు చాలావరకు బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసి ఉంటాయి. కాల్ రాగానే శబ్దం నేరుగా యంత్రంలోకి వెళ్లిపోతుంది. మీకు గరగరమని ఏదో వినపడుతుంది, రాత ఫోన్‌కి మాత్రం ఏమీ వినపడదు. కాల్ కలిసిన వెంటనే కాల్ స్క్రీన్ మీద ఆడియో గుర్తు నొక్కి “స్పీకర్” ఎంచుకోండి. బొత్తిగా మర్చిపోతుంటే, కాల్‌కి ముందు ఆ ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి.

నెట్‌వర్క్ సంగతి కూడా చూసుకోవాలి. పాతతరం కాల్‌లో గొంతులోని 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య భాగం మాత్రమే వెళ్తుంది. స, ష, ఫ, చ లాంటి శబ్దాల పదును చాలావరకు దానికి పైనే ఉంటుంది కాబట్టి అది దారిలోనే పోతుంది. 4జీ మీద నడిచే వోల్టీఈ కాల్‌లో, రెండు వైపులా అది ఉంటే, సుమారు 7000 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. కాల్ నడుస్తున్నప్పుడు స్క్రీన్ పైన `VoLTE` లేదా `HD` అని కనబడుతుందేమో చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, లోపలి పడకగదిలోనో సిగ్నల్ పడిపోయి 2జీకి దిగితే అక్షరాలు కూడా పాడవుతాయి. కిటికీ దగ్గరికి జరగండి. అవతలివాళ్లకి వాట్సాప్ ఉంటే వాట్సాప్ కాల్ ఇంకా నయం, నెట్ బాగున్నంతసేపు గొంతు స్పష్టంగా వస్తుంది.

వైఫై లేక కాల్ ఫోన్ హాట్‌స్పాట్ మీద రాత ఫోన్‌ని నడిపేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. వోల్టీఈ కాల్‌లో నెట్ ఆగదు. కాల్ 2జీకి దిగిందంటే హాట్‌స్పాట్ ఆగిపోతుంది, మాట మధ్యలో అక్షరాలూ ఆగిపోతాయి.

3. రెండు ఫోన్లనీ ఎలా పెట్టాలి

టేబుల్ మీద తువ్వాలు పరిచి దాని మీద రెండు ఫోన్లనీ పెట్టండి. గాజు బల్ల, స్టీలు స్టూలు మీద నేరుగా పెడితే స్పీకర్ అదురు బల్ల ద్వారా మైకుకి ఎక్కి మాటలు ముద్దముద్దగా అవుతాయి.

చాలా ఫోన్లకి స్పీకర్, మైకు రెండూ కింది అంచున, చార్జింగ్ రంధ్రం పక్కనే ఉంటాయి. కాబట్టి రెండు ఫోన్ల కింది అంచులూ ఎదురెదురుగా ఉండాలి, మధ్యలో బెత్తెడు ఖాళీ. ఆనించి పెట్టకండి. వాల్యూమ్ పూర్తిగా పెంచేయకండి, ముప్పావు వంతు చాలు. చిన్న స్పీకర్‌ని పూర్తిగా పెంచితే గొంతు పగులుతుంది. మన చెవికి “గట్టిగా ఉంది, బాగుంది” అనిపించినా యాప్‌కి అది అడ్డమే.

ఫ్యాన్ ఆపండి. మైకు మీదికి గాలి కొడితే శబ్దం కన్నా ఎక్కువ నష్టం. కుక్కర్ విజిల్, బోరు మోటారు, పక్కింటి డ్రిల్లింగ్, వీటి మధ్యలో ముఖ్యమైన కాల్ పెట్టుకోకండి.

చుట్టూ గోల ఎంతుందో మీకు వినపడదు కదా, దానికి యాప్‌లోనే ఒక గుర్తుంది. స్క్రీన్ మూలన ఒకదానిలో ఒకటి రెండు వలయాలు కనబడతాయి. లోపలి వలయం గదిలోని గోల. బయటి వలయం మాట్లాడేవాళ్ల గొంతు. అవతలివాళ్లు మాట్లాడినప్పుడు బయటిది లోపలిదాన్ని దాటి బాగా ఉబ్బాలి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే, రాసేది సగం తప్పే. అప్పుడు దూరం తగ్గించండి లేదా గది మారండి.

4. ఒక పరీక్ష కాల్ చేయండి

నేరుగా బ్యాంకుకో ఆసుపత్రికో చేయకండి. మీ తమ్ముడికో, స్నేహితురాలికో ఈ కింది వాక్యాలు మెసేజ్‌లో పంపించి, మీరు కాల్ చేసినప్పుడు ఇష్టమొచ్చిన వరసలో చదవమనండి. వాళ్లు ఏ వరసలో చదివారో మీకు చెప్పకూడదు.

- రేపు పొద్దున ఆరున్నరకు రండి.
- ఎల్లుండి సాయంత్రం ఏడున్నరకు రండి.
- మొత్తం ఇరవై వేలు అయింది.
- మొత్తం అరవై వేలు అయింది.
- ఈ మాత్ర భోజనానికి ముందు వేసుకోవచ్చు.
- ఈ మాత్ర భోజనానికి ముందు వేసుకోవద్దు.
- డాక్టర్ గారు ఇవాళ ఉన్నారు.
- డాక్టర్ గారు ఇవాళ ఉన్నారా?
- మేం రాం, మీరే రావాలి.

వరస కాగితం మీద రాసుకోండి, చివర్లో వాళ్లతో సరిచూసుకోండి. ఎన్ని మాటలు తప్పొచ్చాయని లెక్కపెట్టకండి. “భోజనానికి” బదులు “భోజనం” వచ్చినా నష్టం లేదు. చూడాల్సినవి మూడే: అంకె, రోజు, క్రియ చివర.

క్రియ చివర ఎందుకంటే, తెలుగులో అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. వస్తారో రారో, చేయొచ్చో చేయొద్దో, చెప్తున్నారో అడుగుతున్నారో, అన్నీ ఆఖరి ఒకటి రెండు అక్షరాల మీద ఆధారపడి ఉంటాయి. మనవాళ్లు ఫోన్‌లో వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు దించేస్తారు. ఆ చివరి అక్షరమే మైకుకి అందదు. యాప్ ఖాళీ వదలదు, తనకు తోచిన రూపంతో పూరిస్తుంది. వాక్యం చక్కగా, తప్పుల్లేకుండా కనబడుతుంది, అర్థం మాత్రం తిరగబడి ఉంటుంది. గజిబిజిగా వచ్చిన వాక్యం కన్నా చక్కగా వచ్చిన వాక్యమే ఎక్కువ ముంచుతుంది. పైగా ప్రశ్న గుర్తు ప్రతిసారీ పడుతుందన్న భరోసా లేదు, దీర్ఘం ఒక్కటే ఆధారం.

తెలంగాణ యాసలో “వస్తడు”, “చేస్తం”, “పొద్దుగాల” అని మాట్లాడితే యాప్ కొన్నిసార్లు వాటిని పుస్తకాల భాషలోకి మార్చి రాస్తుంది, కొన్నిసార్లు పక్క మాటతో కలిపేస్తుంది. మీ పరీక్ష కాల్‌లో వాక్యాలు చదివే మనిషి యాసా, మీరు రోజూ ఫోన్ చేసేవాళ్ల యాసా ఒకటే అయితే ఈ పరీక్ష ఫలితం మీకు నిజంగా పనికొస్తుంది.

తొమ్మిది వాక్యాల్లో ఆ మూడు చోట్ల ఒకటి రెండు తప్పులుంటే వాడుకోవచ్చు. అంతకన్నా ఎక్కువైతే లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి. కాల్ కట్ చేసి, అవే వాక్యాలు ఎవరినైనా రాత ఫోన్‌కి మూరెడు దూరంలో కూర్చుని చదవమనండి. అప్పుడు బాగా వస్తే యాప్, ఇంటర్నెట్, భాష అన్నీ సరిగ్గానే ఉన్నట్టు. తేడా అంతా కాల్ ఫోన్ స్పీకర్‌లోనో, నెట్‌వర్క్‌లోనో ఉంది. ఎదురుగా చదివినా పాడుగానే వస్తే రాత ఫోన్ సంగతి చూడండి: మైకు రంధ్రంలో దుమ్ము, దాన్ని మూసేస్తున్న కవరు, లేదా నెట్.

5. అసలు కాల్ ఎలా మాట్లాడాలి

ముందు రాత ఫోన్‌లో యాప్ తెరిచి, “హలో” అని మీరే ఒకసారి అని, అక్షరం పడిందో లేదో చూసుకోండి. ఆ తర్వాతే డయల్ చేయండి. కలవగానే స్పీకర్. మొదటి మాట ఇది:

“నాకు వినపడదండి. మీ మాటలు ఫోన్‌లో అక్షరాలుగా చదువుకుంటున్నాను. కొంచెం నిదానంగా చెప్పండి, నేను ఒక్క క్షణం ఆగి జవాబిస్తాను.”

ఇది చెప్పకపోతే రెండు ఇబ్బందులు. అక్షరాలు ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా పడతాయి, ఆ నిశ్శబ్దం చూసి అవతలివాళ్లు “హలో, హలో” అంటూ పెట్టేస్తారు. రెండోది మర్యాద. వాళ్ల మాటలు గూగుల్ సర్వర్లకు వెళ్లి అక్షరాలై వస్తున్నాయి, ఆ సంగతి వాళ్లకు తెలియాలి.

“గట్టిగా మాట్లాడండి” అనకండి. వాళ్లు అరుస్తారు, గొంతు పగులుతుంది. “నిదానంగా” అన్నదే సరైన మాట.

మీరు మాట్లాడింది కూడా రాత ఫోన్ రాసేస్తుంది, ఎవరు అన్నారో విడదీసి చూపదు. వాళ్ల మాట పూర్తయి అక్షరాలు కదలడం ఆగాక మీరు మొదలుపెట్టండి. ఇంకో సంగతి: చివరి వాక్యం పడ్డాక కూడా యాప్ ఒకసారి వెనక్కి వెళ్లి మాటలు సవరిస్తుంది. “ఏంటి” అని పడ్డది క్షణంలో “ఏడింటికి” అవ్వొచ్చు. అక్షరాలు నిలిచేదాకా జవాబివ్వకండి.

ఒక కాల్ చూద్దాం. షుగర్ పరీక్షకి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లమని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్‌కి ఫోన్ చేశారనుకోండి. అవతలి అమ్మాయి అన్నది ఇది:

“రేపు పొద్దున ఏడింటికి మా అబ్బాయి వస్తడండి. ఏమీ తినకుండ ఉండండి, నీళ్లు తాగొచ్చు.”

స్క్రీన్ మీద పడ్డది ఇది:

“రేపు పొద్దున ఏంటి మా అబ్బాయి వస్తాడండి ఏమీ తినకుండా ఉండండి నీళ్లు తాగొద్దు”

మొదటి తప్పు మీరు పట్టేస్తారు, “పొద్దున ఏంటి” అన్నది అతకదు కాబట్టి. రెండోది పట్టలేరు. వాక్యం నున్నగా ఉంది, అర్థం కూడా కుదిరింది. కానీ షుగర్ ఫాస్టింగ్‌కి మంచినీళ్లు తాగొచ్చు, మీరు అనవసరంగా గొంతెండి కూర్చుంటారు.

ఇక్కడ “మళ్లీ చెప్పండి” అంటే ఆ అమ్మాయి అదే వాక్యాన్ని, అదే వేగంతో, ఇంకొంచెం విసుగ్గా అంటుంది. అదే తప్పు మళ్లీ పడుతుంది. అడిగే తీరు మార్చాలి. జవాబు ఎటు వచ్చినా రెండు జవాబులూ ఒకదానికొకటి చాలా దూరంగా వినపడేలా అడగండి.

“టైమ్ ఇంగ్లీషులో చెప్పండి, సెవెనా, ఎయిటా?” సెవెన్, ఎయిట్ ఒకదానిలా ఒకటి వినపడవు.

“నీళ్లు తాగితే పర్వాలేదా, అస్సలు ముట్టకూడదా?” ఒక జవాబులో “పర్వాలేదు” ఉంటుంది, ఇంకోదాన్లో “ముట్టకూడదు” ఉంటుంది. ఒకటి రెండు అక్షరాలు పోయినా తేడా మిగులుతుంది.

చివర్లో మొత్తం మీరే చెప్పండి: “రేపు బుధవారం, పొద్దున సెవెన్‌కి మీ అబ్బాయి వస్తాడు, నేను తినకూడదు, నీళ్లు తాగొచ్చు. కరెక్టేనా?” “రేపు” పక్కన వారం పేరు కూడా చేర్చండి. “రేపు”, “ఎల్లుండి” తారుమారైతే అక్కడ బయటపడుతుంది. డబ్బు లెక్కలైతే అంకెలు విడివిడిగా: “ఆరు, సున్నా, సున్నా, సున్నా, సున్నా. అంటే అరవై వేలు. అవునా?” ఇరవై, అరవై గొడవ దీంతో తీరుతుంది. అంకె, టైమ్, అడ్రస్ ఏది వచ్చినా “ఇది వాట్సాప్‌లో కూడా పెట్టేయండి” అని అడగడంలో మొహమాటపడకండి.

గొంతుతో మాట్లాడని వాళ్లకు

రాత ఫోన్‌లోనే గూగుల్ ట్రాన్స్‌లేట్ పెట్టుకోండి. తెలుగులో టైప్ చేసి స్పీకర్ గుర్తు నొక్కితే పైకి చదువుతుంది, కాల్ ఫోన్ మైకు ద్వారా అది అవతలికి వెళ్తుంది. మొదటి పరిచయ వాక్యం, మీ అడ్రస్, “ఒక్క నిమిషం, టైప్ చేస్తున్నాను” లాంటివి ముందే సేవ్ చేసుకోండి.

దీన్ని కాల్ ఫోన్‌లోనే పెట్టి వినిపించాలని చూడకండి. కాల్ ఫోన్ తన స్పీకర్ నుంచి వచ్చే శబ్దాన్ని ప్రతిధ్వని అనుకుని కత్తిరించేస్తుంది, అవతలివాళ్లకి ఏమీ అందదు. ఇంకో ఫోన్ నుంచి వచ్చే గొంతుని అది మామూలు మనిషి గొంతులాగే తీసుకుంటుంది. రెండు యాప్‌ల మధ్య అటూ ఇటూ మారేటప్పుడు రాయడం ఆగిందేమో చూసుకోండి. మూడో ఫోనో, ల్యాప్‌టాపో ఉంటే ఈ తిప్పలు ఉండవు.

ఎక్కువగా వచ్చే తప్పులు, కారణాలు

*స్క్రీన్ పూర్తిగా ఖాళీ.* శబ్దం బ్లూటూత్‌కి పోతోంది, లేదా స్పీకర్ ఆన్ కాలేదు, లేదా కాల్ ఫోన్‌లోనే యాప్ తెరిచారు.

*అర్థం లేని ఇంగ్లీషు మాటలు వరసగా పడుతున్నాయి.* రెండో భాష మీద చెయ్యి పడింది. తెలుగుకి మార్చండి.

*కాసేపు ఏమీ రాక, తర్వాత పేరా అంతా ఒక్కసారిగా పడుతోంది.* నెట్ నెమ్మదిగా ఉంది. వైఫై రౌటర్ ఉన్న గదిలోకి మారండి.

*మొదటి నిమిషం బాగుండి తర్వాత పాడైంది.* అవతలి మనిషి నడుస్తున్నాడు, లేదా బండి మీద ఉన్నాడు. మీవైపు నుంచి చేసేదేమీ లేదు. “ఆగాక ఫోన్ చేయండి” అనండి.

*కస్టమర్ కేర్ మెషీన్ గొంతు, “తెలుగు కోసం రెండు నొక్కండి” అనేది.* గొంతు స్పష్టంగానే ఉంటుంది, అక్షరాలు సరిగ్గానే పడతాయి. ఇబ్బంది ఆలస్యంతో. మీరు చదివేలోపు టైమ్ అయిపోయి మెషీన్ మళ్లీ మొదటికొస్తుంది. మొదటి కాల్‌లో ఏదీ నొక్కకుండా మెనూ మొత్తం పడనిచ్చి కాగితం మీద రాసుకోండి, రెండో కాల్‌లో చకచకా నొక్కండి.

కాల్ అయ్యాక

యాప్‌లో మాటలు మూడు రోజుల పాటు దాచే ఆప్షన్ ఉంది. ఆన్ చేస్తే టైములు, మందుల పేర్లు తర్వాత చూసుకోవచ్చు, కావలసిన ముక్క కాపీ చేసి పెట్టుకోవచ్చు. అయితే రాత ఫోన్ ఇంట్లో పిల్లల చేతుల్లో తిరిగేదైతే, బ్యాంకు కాల్ తర్వాత ఆ చరిత్ర చెరిపేయండి. అందులో మీ ఖాతా వివరాలు అక్షరాల్లో ఉంటాయి.

ముందే అనుకుని చేసే కాల్స్‌కి తేలిక మార్గం

అమెరికాలో ఉన్న కొడుకుతోనో, ఊళ్లో ఉన్న అక్కతోనో మాట్లాడటానికి రెండు ఫోన్లు పరచనక్కర్లేదు. గూగుల్ మీట్‌లో మాట్లాడుకోండి. క్యాప్షన్లు ఆన్ చేసి, మీటింగ్ భాష తెలుగుగా మార్చండి. భాష మార్చడం మర్చిపోతే తెలుగు మాటలకి ఇంగ్లీషు గజిబిజి పడుతుంది. మీట్‌లో ఎవరు మాట్లాడుతున్నారో పేరుతో సహా వస్తుంది, మొహం కనబడుతుంది కాబట్టి పెదాలు చదివే అలవాటున్నవాళ్లకి సగం పని అక్కడే అవుతుంది. అవతల ఇద్దరు ముగ్గురు ఒకే ఫోన్ ముందు కూర్చుంటే మాత్రం ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. మన ఇళ్లలో అది కష్టమే.

అనుకోకుండా వచ్చే కాల్స్

డెలివరీ అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తే రెండు ఫోన్లు సర్దే టైమ్ ఉండదు. దానికి కాల్ కట్ చేస్తూ మెసేజ్ పంపే ఏర్పాటు వాడుకోండి. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో `Quick responses` అనో, సామ్‌సంగ్‌లో `Quick decline messages` అనో ఉంటుంది. అక్కడున్న ఇంగ్లీషు వాక్యం తీసేసి ఇలాంటిది రాసుకోండి: “నాకు వినపడదు. ఈ నంబరుకి మెసేజ్ పెట్టండి. పార్సెల్ అయితే వాచ్‌మన్‌కి ఇవ్వండి.” హైదరాబాద్‌లో తెలుగు చదవని డెలివరీ వాళ్లు చాలామంది ఉంటారు, కాబట్టి అదే వాక్యం ఇంగ్లీషులో రెండోదిగా పెట్టుకోండి. డెలివరీ యాప్‌లో అడ్రస్ కింద సూచనలు రాసే చోట కూడా “కాల్ చేయవద్దు, మెసేజ్ మాత్రమే” అని ఉంచండి.

అత్యవసరం అయితే ఈ పద్ధతి మొత్తం పక్కన పెట్టేయండి. పక్కింటివాళ్ల తలుపు కొట్టి వాళ్లతో 112కి ఫోన్ చేయించండి. `112 India` యాప్‌ని ముందే మీ ఫోన్‌లో వేసి, పేరు, ఇంటివాళ్ల నంబర్లు నింపి ఉంచుకోండి.